‘అనివార్య కారణాల’ మెయిలు

వాట్సాప్‌లో అనుకున్నదాన్ని మెయిలుగా రాయమంటే భాష పెంచమన్నట్టే చాలామంది భావిస్తారు. నాలుగు ముక్కల్లో చెప్పింది నాలుగు పేరాలు కావాలని, సూటిగా అన్నది మెత్తబడాలని, తేదీ ఇచ్చి ఇరుక్కోకూడదని వాళ్ళ లెక్క. ఇది మర్యాద కాదు, జాగ్రత్త అంతకన్నా కాదు. చెప్పాల్సిన సంగతిని కస్టమరు దగ్గర దాచిపెట్టడం.

ధర్మపురి జిల్లా మారండహళ్ళి, పాలక్కోడు చుట్టూ టమాటా పండుతుంది. అక్కడి నుంచి బెంగళూరుకు సరుకు పంపే తెలుగు వ్యాపారి ఒకరు అక్టోబరు 14 సాయంత్రం ఇలా మెసేజ్ పెట్టారనుకుందాం.

“అన్నా, వాన. రేపు లోడ్ రాదు. ఎల్లుండి పొద్దున 200 క్రేట్లు పంపిస్తా. రంగు కొంచెం తక్కువుంటది. రేటు పాతదే. ఓకేనా?”

అవతలివాళ్ళు ఇదే మెయిల్లో పెట్టమన్నారు. ‘పద్ధతిగా’ రాసేవాళ్ళ చేతిలో అది ఇలా తయారవుతుంది: “అనివార్య కారణాల వల్ల సరఫరాలో స్వల్ప జాప్యం సంభవించే అవకాశం ఉన్నదని తెలియజేయుటకు చింతిస్తున్నాము. నాణ్యతలో స్వల్ప వ్యత్యాసం ఉండవచ్చును. మీ సహకారాన్ని ఆశిస్తున్నాము.”

ఇంగ్లీషులో రాసినా జరిగేది ఇంతే. వాన పోయింది, తేదీ పోయింది, 200 పోయింది, రేటు పోయింది. అన్నిటికన్నా ముఖ్యంగా, అడిగిన ప్రశ్న పోయింది. రంగు సంగతి ‘నాణ్యతలో వ్యత్యాసం’ అయ్యేసరికి అవతలివాడికి కుళ్ళిన కాయలు గుర్తొస్తాయి. నిజానికి వాన నీళ్ళు తాగిన చెట్టు మీద బాగా పండిన కాయ పగులుతుంది కాబట్టి, రంగు తిరుగుతున్న దశలోనే కోస్తామన్నది వ్యాపారి ఉద్దేశం. అలాంటి కాయ ఎర్రబడడానికి నాలుగైదు రోజులు పడుతుంది. ఆ రోజే దుకాణంలో పెట్టి అమ్మాలనుకున్నవాడికి అది నష్టం, నిల్వ పెట్టుకునేవాడికి లాభం. ఏదన్నది తేల్చుకోవాల్సింది కొనేవాడు. ఆ అవకాశమే మెయిలు మింగేసింది.

‘గట్టిగా రాస్తే రేపు అదే మన మీదికి వస్తుంది’ అన్నది ‘పద్ధతిగా’ రాసేవాళ్ళ అసలు భయం. కానీ మెయిల్లో రాయనంత మాత్రాన వాట్సాప్‌లో ఇచ్చిన మాట చెరిగిపోదు. ఎలక్ట్రానిక్ రూపంలో కుదిరిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని 2000 నాటి ఐటీ చట్టంలోని 10ఏ సెక్షన్ చెబుతోంది. తగాదా వస్తే “రేటు పాతదే” అన్న మెసేజ్, రేటు ఊసే లేని మెయిలు పక్కపక్కన నిలబడతాయి. వాటిలో అనుమానం కలిగించేది మెయిలే.

మరి మారాల్సిందేమిటి? వాట్సాప్ మెసేజ్ చదివేవాడికి వెనకటి మాటలన్నీ తెలుసు. మెయిలు అతనితో ఆగదు, గోడౌన్ మేనేజరుకు, లెక్కలు చూసేవాడికి ఫార్వర్డ్ అవుతుంది. వాళ్ళకు ‘రేపు’ అంటే ఏ రోజో, ‘పాత రేటు’ అంటే ఎంతో తెలియదు. కాబట్టి రేపు అక్టోబరు 15 కావాలి, పాత రేటు ఫలానా తేదీ ఆర్డరులోని రేటు కావాలి. ‘అన్నా’ బదులు ‘నమస్కారం’ చేరాలి. నొప్పించకుండా చెప్పాలన్న మాటలో న్యాయముంది, దానికి ఒక్క వాక్యం చాలు.

సబ్జెక్టు: అక్టోబరు 15 టమాటా లోడ్ 16కు మార్పు, మీ అంగీకారం కావాలి.

“నమస్కారం. వాన వల్ల అక్టోబరు 15న రావలసిన లోడ్ పంపలేకపోతున్నాము, ఇబ్బందికి మన్నించండి. 16 ఉదయం 7 గంటలకు 200 క్రేట్లు మీ గోడౌన్‌కు చేరుస్తాము. పండిన కాయ పగులుతున్నందున రంగు తిరిగే దశలో కోస్తాము, పూర్తిగా ఎర్రబడడానికి నాలుగైదు రోజులు పడుతుంది. రేటు అక్టోబరు 1 నాటి మీ ఆర్డరులోనిదే. సమ్మతమైతే 15 ఉదయం 11 గంటల్లోగా తెలపండి, మీ జవాబు రాకపోతే కోత మొదలుపెట్టము.”

మెసేజ్ కన్నా ఇది పొడుగే, కాదనను. కానీ పెరిగిన ప్రతి మాటా ఒక వివరం. చివరి వాక్యం మరీ ముఖ్యం. వాట్సాప్‌లో నీలం టిక్కులు చూసి ‘ఒప్పుకున్నాడు’ అనుకుని కోతకు మనుషుల్ని పంపేవాళ్ళున్నారు. చదవడం వేరు, ఒప్పుకోవడం వేరు. అందుకే జవాబుకు గడువు, జవాబు రాకపోతే ఏం చేస్తామో రెండూ ఉండాలి.

మెయిలు పంపేముందు ఫోనులో ఆ పాత మెసేజ్ తెరిచి పక్కన పెట్టుకోండి. అందులోని తేదీ, లెక్క, రేటు, ప్రశ్న మెయిల్లో ఎక్కడున్నాయో వేలు పెట్టి చూపించలేకపోతే పంపకండి, మళ్ళీ రాయండి.