మెడికల్ సర్టిఫికెట్ పెడితే అటెండెన్స్ పెరగదు

సెమిస్టర్ పరీక్షలకు రెండు వారాల ముందు దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి హాస్టళ్లలో ఒక ప్రశ్న తరచూ వినిపిస్తుంది. ‘సర్టిఫికెట్ ఎక్కడ దొరుకుతుంది బ్రో?’ నోటీసు బోర్డు మీద షార్టేజ్ లిస్టు పడటమే దీనికి కారణం. సర్టిఫికెట్ ఇస్తే పోయిన అటెండెన్స్ తిరిగి వస్తుందని చాలామంది నమ్మకం. రూల్ మాత్రం అలా లేదు.

ఎల్‌బీ నగర్ చౌరస్తాలో పొద్దున్నే కాలేజీ బస్సులెక్కే ఇంజినీరింగ్ విద్యార్థుల్లో చాలామందివి జేఎన్‌టీయూహెచ్ అనుబంధ కాలేజీలే. 2022-23 నుంచి చేరిన బ్యాచ్‌ల కోసం వచ్చిన ఆర్22 రెగ్యులేషన్స్ ప్రకారం, సెమిస్టర్ పరీక్ష రాయాలంటే అన్ని సబ్జెక్టులూ కలిపి 75 శాతం హాజరు ఉండాలి. 65 నుంచి 75 మధ్య ఉంటే, సరైన కారణం, ఆధారాలు చూపించి అడిగినప్పుడు కాలేజీ అకడమిక్ కమిటీ ఆ లోటును మన్నించవచ్చు. దీన్నే కండోనేషన్ అంటాం. దీనికి ఫీజు కట్టాలి. 65 కంటే తగ్గితే ఎట్టి పరిస్థితుల్లోనూ మన్నింపు లేదు. అటానమస్ కాలేజీలకు సొంత రూల్ బుక్ ఉంటుంది కాబట్టి మీ కాలేజీది తీసి ఆ ఒక్క పేజీ చదువుకోండి.

ఇక్కడ రెండు మాటలు గమనించాలి. ఒకటి, ‘మన్నించవచ్చు’ అన్నారు తప్ప ‘మన్నించాలి’ అనలేదు. చాలాచోట్ల ఫీజు కడితే పనైపోతుందన్న పేరు ఉన్నా, కాగితం మీద అది కమిటీ నిర్ణయమే. రెండోది, సర్టిఫికెట్ మీ శాతాన్ని మార్చదు. 68 శాతం 68గానే ఉంటుంది. ఆ 68తో పరీక్షకు కూర్చోనివ్వడానికి సర్టిఫికెట్ ఒక కారణం చూపిస్తుంది, అంతే.

ఒక లెక్క వేసి చూద్దాం. సెమిస్టర్‌లో 90 పనిదినాలు, రోజుకు 6 పీరియడ్లు అనుకుంటే మొత్తం 540. అందులో 75 శాతం అంటే 405 పీరియడ్లు, 65 శాతం అంటే 351. ఒకే హాస్టల్ రూమ్‌లో ఉండే ఇద్దరికీ డెంగీ వచ్చిందనుకుందాం. ఇద్దరూ 18 పనిదినాలు, అంటే 108 పీరియడ్లు పోగొట్టుకున్నారు. మొదటి కుర్రాడు అంతకుముందు ఊరికెళ్లో, బస్సు మిస్సయ్యో 5 రోజులు మానేశాడు. అతనికి 402 పీరియడ్లు మిగిలాయి, 74.4 శాతం. రిపోర్టులు పెట్టి కండోనేషన్ అడగొచ్చు. రెండో కుర్రాడు సెమిస్టర్ మొదట్లో కోచింగ్ పేరుతో 15 రోజులు క్లాసులకు వెళ్లలేదు. అతనికి మిగిలింది 342, అంటే 63.3 శాతం. డెంగీ నిజం, రిపోర్టులూ నిజం. అయినా కమిటీ చేతిలో ఏమీ లేదు. 65కి అతను 9 పీరియడ్ల దూరంలో, అంటే రోజున్నర దూరంలో ఆగిపోయాడు.

అతణ్ని డిటైన్ చేసింది జ్వరం కాదు, జ్వరం రాకముందు వాడేసిన రోజులు. 75 పోగా మిగిలిన 25 శాతం మనకిచ్చిన సెలవులని అనుకుంటాం. నిజానికి జబ్బు చేసినా, ఇంట్లో పెళ్లయినా వాడుకోవాల్సింది ఆ 25 శాతమే. మెడికల్ లీవ్ అంటూ దానికి బయట వేరే ఖాతా లేదు.

డిటైన్ అంటే ఆ సెమిస్టర్ రిజిస్ట్రేషన్ మొత్తం రద్దవుతుంది, తర్వాతి సెమిస్టర్‌కు ప్రమోషన్ ఉండదు. మళ్లీ అదే సెమిస్టర్ నడిపినప్పుడు రీ-అడ్మిషన్ తీసుకోవాలి. సాధారణంగా ఏడాదికి ఒకసారే నడుస్తుంది కాబట్టి పోయేది ఏడాది. సప్లీ రాసుకుందామంటే అసలు పరీక్షకే కూర్చోలేదు కదా!

కాబట్టి లెక్క చూసుకోవాల్సింది చివర్లో కాదు, మొదటి మిడ్ అయిన వెంటనే. ఉదాహరణకు 300 పీరియడ్లు జరిగితే మీరు 180కి వెళ్లారు, అంటే 60 శాతం. మిగిలిన 240లో 171కి వెళితే సరిగ్గా 65కి చేరి కండోనేషన్ గీత మీదికి వస్తారు. 225కి వెళితే 75 అందుతుంది. దారి ఇంకా మూసుకుపోలేదు, కానీ మరో జ్వరానికి చోటు లేదు. ఇంకో చిన్న విషయం చాలామంది చూడరు. మిడ్ పరీక్ష రాసిన ప్రతి థియరీ సబ్జెక్టుకు 2 పీరియడ్ల హాజరు లెక్కలోకి తీసుకోవాలని రూల్‌లోనే ఉంది. మీ షీట్‌లో అవి పడ్డాయో లేదో క్లాస్ ఇన్‌చార్జిని అడగండి.

ఇక ఆధారాల సంగతి. జబ్బు చేసిన రోజుల్లోనే క్లాస్ ఇన్‌చార్జికి గానీ మెంటార్‌కి గానీ మెసేజ్ పెట్టాలి. వీలైతే ఇంట్లోవాళ్లతో ఫోన్ చేయించాలి. కోలుకుని వెళ్లిన మొదటి వారంలోనే హెచ్‌ఓడీ ద్వారా ప్రిన్సిపాల్‌కు లెటర్ ఇవ్వాలి. దానికి తల్లిదండ్రుల సంతకం, డాక్టర్ ప్రిస్క్రిప్షన్, ల్యాబ్ రిపోర్టులు, అడ్మిట్ అయి ఉంటే డిశ్చార్జ్ సమ్మరీ, బిల్లులు, చివర్లో ఫిట్‌నెస్ సర్టిఫికెట్ జతచేయాలి. ఇచ్చిన లెటర్ కాపీ మీద తీసుకున్న తేదీ, సంతకం వేయించుకోండి. షార్టేజ్ లిస్టు పడ్డాక మీ పేరు కండోనేషన్ జాబితాలో ఉందో లేదో చూసి, గడువులోగా ఫీజు కట్టి రసీదు దాచుకోండి. లిస్టులో పేరు లేకుండా ముందే కట్టేసిన ఫీజు హాల్‌టికెట్ తెచ్చిపెట్టదు.

కమిటీలో కూర్చునే లెక్చరర్లు మొదట చూసేది జబ్బు పేరు కాదు, తేదీలు. 20 రోజుల బెడ్ రెస్ట్ అని సర్టిఫికెట్ చెబుతుంటే, మధ్యలో ఒక రోజు ల్యాబ్ రికార్డులో మీ సంతకం ఉంటే అక్కడితో కథ అయిపోయినట్టే. పరీక్షలకు నాలుగు రోజుల ముందు తేదీతో, రెండు నెలల కిందటి జ్వరానికి తెచ్చిన కాగితం కూడా అంతే. ల్యాబ్ రిపోర్టు, మందుల బిల్లు ఏవీ లేని ఒంటరి సర్టిఫికెట్‌ను ఎవరూ నమ్మరు.

కొనుక్కొచ్చే సర్టిఫికెట్‌తో ఇంకో చిక్కుంది. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమాల ప్రకారం డాక్టర్ తాను ఇచ్చే సర్టిఫికెట్ల వివరాలను ఒక రిజిస్టర్‌లో రాసుకోవాలి. పేషెంట్ సంతకం లేదా వేలిముద్ర, చిరునామా, ఒక గుర్తింపు చిహ్నం నోట్ చేసి, సర్టిఫికెట్ కాపీ ఉంచుకోవాలి. అనుమానం వచ్చిన కాలేజీ రిజిస్ట్రేషన్ నంబర్ చూసి ఆ క్లినిక్‌కు ఒక్క ఫోన్ చేస్తే చాలు. అటెండెన్స్ సమస్య అక్కణ్నుంచి క్రమశిక్షణ సమస్య అవుతుంది.

2025 నవంబరులో ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన తీర్పు చూపించి ‘ఇక అటెండెన్స్ అక్కర్లేదట’ అనేవాళ్లు నాకు కనిపించారు. హాజరు తక్కువన్న కారణంతో విద్యార్థులను పరీక్ష రాయకుండా ఆపొద్దని కోర్టు అన్నది లా కాలేజీల గురించి. దాన్ని నమ్ముకుని మన బీటెక్ విద్యార్థి క్లాసు మానేస్తే, హాల్‌టికెట్ కౌంటర్ దగ్గర ఆ తీర్పు అతనికి పనికిరాదు. జబ్బుపడిన పిల్లల విషయంలో 65 గీత మరీ కఠినమని నాకూ అనిపిస్తుంది. ఆస్పత్రిలో ఉన్న రోజులను వేరుగా లెక్కిస్తే బాగుండేది. అయితే రూల్ మారేదాకా 351వ పీరియడ్‌కు మీరు క్లాసులో ఉన్నారా లేదా అన్నదే లెక్క.