పొద్దున ఐదింటికి లేపకండి

చైతన్యపురి హాస్టళ్లలో తెల్లారి నాలుగింటిదాకా నిద్రపోని వాడికి దొరికే సలహా ఒకటే: "ఐదింటికి లేచి డాబా ఎక్కు, వారంలో అదే సెట్టవుద్ది." ఇంట్లోవాళ్లదీ ఇదే మాట, వార్డెన్‌దీ ఇదే మాట. కొందరి విషయంలో ఇది పనిచేయకపోవడమే కాదు, ఉల్టా కొడుతుందని నా వాదన.

ముందు ఆ కొందరెవరో తేల్చుకోవాలి. సెలవుల్లో ఎవరూ లేపకపోతే నాలుగింటికి పడుకుని మధ్యాహ్నం పన్నెండుకి హాయిగా, నిండుగా నిద్రపోయి లేస్తున్నారా? అయితే మీకున్నది నిద్రలేమి కాదు. నిద్ర బాగానే ఉంది, దాని టైమే వెనక్కి జరిగింది. దీన్ని 'డిలేయ్డ్ స్లీప్ ఫేజ్' అంటారు. 1981లో న్యూయార్క్‌లో వైట్జ్‌మన్ బృందం దీన్ని విడిగా గుర్తించి పేరు పెట్టింది. ఏ టైమ్‌లో పడుకున్నా నిద్ర పట్టకపోతే అది వేరే సమస్య. రెండు వారాలు పడుకున్న టైమ్, లేచిన టైమ్ ఒక నోట్‌బుక్‌లో రాస్తే తేడా కనిపిస్తుంది. ఆ రెండు వారాల్లో సెలవు రోజులు తప్పకుండా ఉండాలి. రీల్స్ చూస్తూ మేలుకోవడం మాత్రం ఈ లెక్కలోకి రాదు. ఫోన్ పక్కన పెట్టి లైట్ ఆర్పినా మూడు దాటేదాకా కళ్లు మూతపడకపోతేనే ఇది.

ఇప్పుడు ఐదింటి సంగతి. రోజులో మన ఒంటి వేడి అన్నిటికన్నా తగ్గే ఘడియ ఒకటుంటుంది. మామూలుగా అది మనంతట మనం లేచే టైమ్‌కి రెండు మూడు గంటల ముందు వస్తుంది. ఆ ఘడియ దాటాక కంటికి తగిలే వెలుగు శరీర గడియారాన్ని ముందుకు తెస్తుంది, అంటే ఆ రాత్రి నిద్ర త్వరగా వస్తుంది. అంతకుముందు తగిలే వెలుగు ఇంకా వెనక్కి నెడుతుంది. పన్నెండుకి లేచేవాడికి ఆ ఘడియ తొమ్మిదిన్నర ప్రాంతంలో ఉంటుంది. వాణ్ణి ఆరింటికి డాబా మీద నిలబెడితే, వాడి ఒంటికి అది ఇంకా నడిరాత్రే. కాలేజీ బస్సులో ఇబ్రహీంపట్నం వైపు ఎండకి ఎదురుగా కూర్చునే మనవాళ్లలో కొందరికి రోజూ జరిగేది ఇదే అనుకుంటా.

మా రూమ్మేట్ సెమ్ సెలవుల్లో దీన్ని సరిచేసుకున్నాడు. మొదటి రెండు రోజులు పదకొండున్నరకి అలారం. లేవగానే డాబా మీద వాటర్ ట్యాంక్ నీడలో అరగంటకి పైగా కూర్చునేవాడు. నీడే అయినా బయటి వెలుగు మా రూమ్ ట్యూబ్‌లైట్ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. (మా కిటికీ తెరిస్తే పక్క బిల్డింగ్ గోడ తప్ప ఏమీ కనిపించదు, అందుకే డాబా.) మూడో రోజు నుంచి పదకొండు, ఐదో రోజు నుంచి పదిన్నర. ఇలా రెండు రోజులకి అరగంట చొప్పున ఏడున్నరకి రావాలంటే లెక్క ప్రకారం 18 రోజులు. పడుకునే టైమ్ కూడా అలాగే జరపాలి, దానికి రెండు గంటల ముందు నుంచి పెద్ద లైట్ ఆర్పేసి చిన్న బల్బుతో సరిపెట్టుకోవాలి. దీనికి నేనూ సహకరించాల్సి వచ్చింది, అది వేరే కథ.

వాడికి తొమ్మిదిన్నర దగ్గర బండి ఆగింది. పడుకున్నాక గంటన్నర దొర్లుతున్నాడంటే ఒళ్లు ఇంకా అక్కడిదాకా రాలేదని అర్థం. అప్పుడు అలారం ఇంకా ముందుకి జరపకుండా అక్కడే నాలుగు రోజులు ఆగాడు. అరగంటలోపు నిద్ర పట్టడం మొదలయ్యాకే తర్వాతి మెట్టు ఎక్కాడు. మధ్యలో ఒక పెళ్లి. మొత్తం నాలుగు వారాలు పట్టింది.

మన బ్రాంచిల వాళ్లకి ఇంకో దారి నచ్చుతుంది: రోజూ మూడు గంటలు ఆలస్యంగా పడుకుంటూ గడియారం చుట్టూ తిరిగి పదకొండుకి చేరడం. వైట్జ్‌మన్ బృందం వాడిన పద్ధతే అది. మన లోపలి గడియారం సగటున 24 గంటల కన్నా ఓ పది నిమిషాలు ఎక్కువే తీసుకుంటుంది కాబట్టి వెనక్కి జరగడం సులువే. చిక్కేంటంటే, కొందరిలో అది పదకొండు దగ్గర ఆగకుండా రోజూ జరుగుతూనే పోయింది. డాక్టర్ చూసుకోకుండా ఆ జోలికి పోవద్దు.

మెలటోనిన్ కూడా అంతే. అది నిద్రమాత్ర కాదు, రాత్రయిందని ఒంటికి చెప్పే కబురు. ఈ సమస్యకి చిన్న డోసు, అదీ నిద్రొచ్చే టైమ్‌కి కొన్ని గంటల ముందు ఇస్తారు. పడుకోబోయే ముందు వేసుకుంటే దాని పని చాలావరకు పోయినట్టే. డోసు, టైమ్ డాక్టర్ చెప్పాల్సిందే.

ఇంత చేసినా వాడి గడియారం సహజంగా ముందుకి మారిపోలేదు. వరసగా రెండు ఆదివారాలు పన్నెండుదాకా పడుకుంటే చాలు, మళ్లీ జారుతుంది. అందుకే పరీక్షల ముందు నైటౌట్ చేసినా, మర్నాడు ఎనిమిదిన్నర దాటి పడుకోడు. మిగిలిన నిద్ర మధ్యాహ్నం భోంచేశాక ఓ అరగంట తీరుస్తాడు.