హాజరు ఫొటోలూ, రచనకు వేసే శాతాలూ

2024లో హర్యానాలోని ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివే విద్యార్థి పరీక్షలో తప్పాడు. అతని జవాబులను కృత్రిమ మేధ రాసిందని విశ్వవిద్యాలయం తేల్చింది. తన రాత తనదేనంటూ అతడు పంజాబ్-హర్యానా హైకోర్టు గడప ఎక్కాడు. తర్వాత విశ్వవిద్యాలయమే అతణ్ని ఉత్తీర్ణుడిగా ప్రకటించింది, వ్యాజ్యం ముగిసింది. ఒక రాత ఎవరిదో ఏ కొలతతో తేల్చాలన్న ప్రశ్న మాత్రం ఎక్కడిదక్కడే ఉండిపోయింది.

నేడు కళాశాలలకు దొరికిన కొలత డిటెక్టర్ వేసే శాతం. ఆ యంత్రానికి రచయిత తెలియడు. ఒక మాట తర్వాత రాగల మాటను ఎంత సులువుగా ఊహించవచ్చో అది లెక్కిస్తుంది. ఊహకు అందే వాక్యాలు ఎక్కువైతే అనుమానం పెంచుతుంది. ఓపెన్‌ఏఐ సంస్థ తానే తయారుచేసిన డిటెక్టర్‌ను 2023 జనవరిలో విడుదల చేసి, కచ్చితత్వం చాలదంటూ జులైలో ఉపసంహరించుకుంది. ఆ సంస్థ పరీక్షల్లోనే అది యంత్రపు రాతల్లో నూటికి 26ను మాత్రమే పట్టుకోగలిగింది, మనుషుల రాతల్లో నూటికి తొమ్మిదింటిని యంత్రానివని ముద్ర వేసింది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు డిటెక్టర్లకు 91 టోఫెల్ వ్యాసాలు ఇచ్చారు. ఇంగ్లిష్ మాతృభాష కాని మనుషులు స్వయంగా రాసిన ఆ వ్యాసాల్లో సగటున సగానికి పైగా యంత్రపు రాతలుగా తేలాయి. పరిమితమైన పదాలతో, నేర్చుకున్న మూసలో ఒద్దికగా రాయడమే వారి నేరం. మన దేశంలో లక్షలాది విద్యార్థులకు ఇంగ్లిష్ వచ్చేది ఆ తీరులోనే!

ఇంతటి బలహీనమైన కొలతకు భయపడి, రాసినదాన్ని పదాలు మార్చే సాధనాల్లో నాలుగుసార్లు తిప్పి, శాతం తగ్గాక ఊపిరి పీల్చుకునే వారున్నారు. తగ్గింది శాతమే. ఆ రాతలో వారిది ఒక్క మాటైనా చేరిందా?

ఉపాధి హామీ పనుల్లో హాజరు గురించి వ్యాసం రాయాల్సిన ఒక విద్యార్థినిని ఊహించుకోవచ్చు. ‘సాంకేతికత పారదర్శకతను పెంచినప్పటికీ క్షేత్రస్థాయిలో కొన్ని సవాళ్లు ఉన్నాయి’ అని ఆమె రాస్తే, ఆ వాక్యం రేషన్ దుకాణానికీ పంటల బీమాకూ సరిపోతుంది. ఎవరైనా రాయగలది గనుక అది ఎవరిదీ కాదు. కానీ ఆమె తల్లి ఆ పనికి వెళ్లే మనిషి. 2023 జనవరి 1 నుంచి ఆ పనుల్లో హాజరును మొబైల్ యాప్‌లోనే, రోజుకు రెండు ఫొటోలతో నమోదు చేయడం తప్పనిసరైంది. కూలి పని కొలతను బట్టి వస్తుంది. అందుకే పొద్దు ఎక్కకముందే మట్టి పని ముగించినా, రెండో ఫొటో కోసం తల్లి ఎండలో కూర్చోవాలి. మేటు ఫోనుకు సిగ్నల్ దొరక్క గట్టెక్కి తిరిగేవాడు. తల్లి ఇంటికి వచ్చేసరికి మేకలకు నీళ్లు పెట్టే వేళ దాటిపోయేది. ఇది రాసినప్పుడు వ్యాసం ఆమెది అవుతుంది. డిటెక్టర్ దానికీ ఎక్కువ శాతమే వేయవచ్చు. సాదా వాక్యాలంటే దానికి గిట్టదు మరి. అయినా అది ఆమెదే.

అసలు కష్టం ఆ తర్వాతిది. యాప్ రాకముందు మస్టర్లలో పనికి రాని వారి పేర్లు ఉండేవని, అందులో తన ఇంటికి దగ్గరివారి పేరూ ఒకటని ఆమెకు తెలిసి ఉంటే? ఫొటో ఆ దొంగతనాన్ని కొంత ఆపిందనీ, అదే ఫొటో తన తల్లిని ఎండలో నిలబెట్టిందనీ రెండూ రాయగలగాలి. ఊరికి రుచించని సగాన్ని కొట్టేస్తే అనుభవం ఉంటుంది గాని నిజాయతీ ఉండదు. అటూ ఇటూ సమానంగా తూచే మర్యాద వాక్యాలకు ఈ బాధ లేదు, వాటిని రాసినందుకు ఎవరూ ముఖం తిప్పుకోరు.

విచిత్రమేమంటే, ఆ హాజరు ఫొటోల కథే డిటెక్టర్ల కథ కూడా. 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాస్తూ, పనితో సంబంధం లేని ఫొటోలూ ఫొటోను మళ్లీ తీసిన ఫొటోలూ యాప్‌లోకి ఎక్కుతున్నాయని ఒప్పుకుంది. మనిషికి బదులు గుర్తును కొలిస్తే, మనుషులు గుర్తునే తయారుచేస్తారు.

వివరాలను యంత్రమూ అల్లగలదు కదా అని అధ్యాపకులు అడుగుతారు. అల్లగలదు, మేకలనూ గట్టునూ కూడా. అల్లిన వివరానికి వెనుక మాత్రం ఏమీ ఉండదు. వంద కాగితాలు దిద్దే అధ్యాపకుడికి తీరిక లేదన్నదీ నిజమే. అయితే, అనుమానం వచ్చిన నాలుగు కాగితాల వారిని పిలిచి ఒక్కో ప్రశ్న అడగడానికి పూట చాలు. రెండో ఫొటో ఆ రోజు ఎన్నింటికి తీశారు? మేటు ఏ గట్టెక్కాడు? ఆ దగ్గరివారి సంగతి రాశావే, ఇంట్లో ఏమన్నారు? చివరి ప్రశ్నకు ఆమె కాసేపు తలవంచుకుని నిలబడవచ్చు. ఆ మౌనానికి శాతం వేసే యంత్రం ఇంకా రాలేదు.