జలుబు మూడవ రోజున వేసుకునే మాత్ర

చలికాలం వచ్చిందంటే మా రాజాం మందుల దుకాణాల వద్ద ఒక మాట తరచుగా వినిపిస్తుంది: "జలుబు చేసింది బాబూ, మూడు రోజుల మాత్రలు ఇయ్యి." ఆ మాత్ర చాలాసార్లు అజిత్రోమైసిన్. వేసుకున్నవారికి జలుబు తగ్గుతుంది కూడా. ఇక అభ్యంతరం దేనికని మీరు అడగవచ్చు.

రోజులు లెక్కించి చూడండి. సోమవారం గొంతులో గరగర, మంగళవారం ముక్కు కారడం, బుధవారం తలబరువు. సాధారణంగా జలుబు రెండు మూడు రోజులకు ముదిరి, ఆపైన తనంతట తానే తగ్గుముఖం పడుతుంది. మనిషి దుకాణానికి వెళ్ళేది బుధవారం సాయంత్రమే, అంటే బాధ శిఖరాన ఉన్నప్పుడే. రోజుకొకటి చొప్పున 500 మిల్లీగ్రాముల మాత్ర శుక్రవారంతో పూర్తవుతుంది, శనివారం ఊపిరి తేలికవుతుంది. మాత్ర వేసుకోని ఎదురింటివారికీ దాదాపు అదే శనివారం తేలికవుతుంది. అయినా పేరు మాత్రకే దక్కుతుంది.

బాక్టీరియా ఒక పూర్తి కణం. తనకు కావలసిన ప్రోటీన్లను తన సొంత రైబోజోములలో తానే తయారుచేసుకుంటుంది. అజిత్రోమైసిన్ ఆ రైబోజోములను పట్టుకుని పని ఆపేస్తుంది. మన కణాల రైబోజోముల నిర్మాణం వేరు కనుక ఆ మందు వాటి జోలికి రాదు. జలుబుకు ముఖ్య కారణమైన రైనోవైరస్‌కు రైబోజోములే లేవు. కొద్దిపాటి జన్యుపదార్థం, దానిచుట్టూ ఒక ప్రోటీను తొడుగు, అంతే. అది ముక్కులోని మన కణంలో దూరి, మన రైబోజోములతోనే తన సంతతిని తయారుచేయించుకుంటుంది. మందు మనకు హాని చేయకపోవడానికి ఏది కారణమో, వైరస్‌ను ఏమీ చేయలేకపోవడానికీ అదే కారణం. అమోక్సిసిలిన్ సంగతీ అంతే. అది బాక్టీరియా తన గోడను కట్టుకోనివ్వదు. వైరస్‌కు ఆ గోడే లేదు.

మన యల్లాప్రగడ సుబ్బారావు గారి నేతృత్వంలోని లెడర్లీ ప్రయోగశాల 1948లో లోకానికి అందించిన ఆరియోమైసిన్ కూడా బాక్టీరియా రైబోజోములనే దెబ్బతీస్తుంది. ఆ కుటుంబానికే చెందిన డాక్సీసైక్లిన్ నేడు స్క్రబ్ టైఫస్ రోగులను బ్రతికిస్తోంది. జలుబు ముందు మాత్రం అదీ నిస్సహాయమే.

"చీమిడి పసుపుపచ్చగా మారింది కదా" అంటారు కొందరు. ఆ రంగు మన తెల్లరక్తకణాలది. ఒక్క రంగును చూసి బాక్టీరియా అని నిర్ణయించలేము.

అనవసరంగా వేసుకున్న మాత్ర వృథాగా పోయి ఊరుకోదు. ప్రేగులలోని మేలుచేసే బాక్టీరియాను చంపుతుంది, కొందరికి విరేచనాలు పట్టుకుంటాయి. మందును తట్టుకున్న బాక్టీరియా మిగిలి వృద్ధి చెందుతుంది. టైఫాయిడ్‌కు వాడదగిన కొద్ది మందులలో అజిత్రోమైసిన్ ఒకటని గుర్తుంచుకుంటే, దానిని జలుబుకు ఖర్చుచేయడం నాకెందుకు సహించదో మీకు తెలుస్తుంది. మాత్రల అట్టపై నిలువుగా ఎర్రగీత ఉంటే, వైద్యుని చీటీ లేకుండా వాడరాదని అర్థం.

జలుబుకు విశ్రాంతి, గోరువెచ్చని నీరు, జ్వరముంటే పారాసిటమాల్ చాలు. అయితే పది రోజులైనా తగ్గకపోయినా, తగ్గినట్టే తగ్గి మళ్ళీ జ్వరం పెరిగినా, చెవిపోటు వచ్చినా వైద్యునికి చూపించండి. అప్పుడు బాక్టీరియా చేరి ఉండవచ్చు. పసిబిడ్డ డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తుంటే మాత్రం తెల్లవారేదాకా ఆగవద్దు.