దాతల పట్టిక మన చేతిలోని అమానతు

2022 జనవరిలో మెటా సంస్థ, ఫేస్‌బుక్‌లో ప్రకటనలిచ్చేవారు ఎంచుకునే ఆసక్తుల జాబితా నుంచి మతాచారాలనూ మతబృందాలనూ సూచించే పేర్లను తొలగించింది. ఇక ముస్లింలను వేరుచేసి గురిపెట్టడం ఆగిపోయిందని చాలామంది భావించారు. మేము అలా భావించలేకపోతున్నాము. మూసింది ఒక తలుపును మాత్రమే. పట్టికల తలుపు ఇంకా తెరిచే ఉంది. బాధాకరమైన విషయమేమంటే, ఆ తలుపు గుండా మన వివరాలను పంపేది ఒక్కోసారి మన సంస్థలే.

ఒక పట్టణంలో పేద విద్యార్థులకు ఫీజులు కట్టే ట్రస్టు ఉందనుకుందాం. గత రంజాన్‌లో జకాత్ ఇచ్చిన 600 మంది పేర్లు, ఫోన్ నంబర్లు దాని రసీదు పుస్తకాల్లో ఉన్నాయి. ఈసారి విరాళాలు పెంచాలన్న సదుద్దేశంతో ఒక కార్యకర్త ఆ నంబర్లను కంప్యూటర్‌కెక్కించి ఫేస్‌బుక్ ప్రకటనల విభాగానికి పంపుతాడు. పంపే ముందు ప్రతి నంబరూ ‘హ్యాష్’ అనే గణిత ప్రక్రియ ద్వారా 64 అక్షరాల గజిబిజి వరుసగా మారుతుంది. కంపెనీ తన ఖాతాదారుల నంబర్లను కూడా అదే ప్రక్రియతో మార్చి, రెండింటినీ పోల్చి, సరిపోయిన ఖాతాలను ఒక గుంపుగా కడుతుంది. దీనినే కస్టమ్ ఆడియన్స్ అంటారు. ఎవరెవరు సరిపోయారో ట్రస్టుకు చెప్పరు, సుమారు సంఖ్య మాత్రమే చూపుతారు.

‘నంబరు గుర్తుపట్టరాని రూపంలోకి మారింది కదా, ఇక భయమేమిటి?’ అని కార్యకర్త అడగవచ్చు. ఒకే నంబరు ఎప్పుడు మార్చినా అదే వరుస వస్తుంది. అలా రాకపోతే పోల్చడమే సాధ్యం కాదు. కాబట్టి ఆ నంబరు ముందే తన వద్ద ఉన్న కంపెనీకి అది రహస్యమే కాదు. బయటివారి విషయంలోనూ ఈ రక్షణ అంతంతమాత్రమే. మన దేశపు మొబైల్ నంబర్లకు పది అంకెలే కనుక, సాధ్యమైన నంబర్లన్నిటికీ వరుసలు ముందే తయారుచేసి సరిచూసుకోవడం నేటి యంత్రాలకు కొద్ది నిమిషాల పని. హ్యాష్ చేసినంత మాత్రాన సమాచారం అనామకం కాదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో స్పష్టంగా హెచ్చరించింది.

రెండో మెట్టు మరింత లోతైనది. ఆ 600 మందిలో ఉమ్మడిగా కనిపించే లక్షణాలను యంత్రం నేర్చుకుని, దేశంలో వారిని ఎక్కువగా పోలిన ఒక శాతం మందిని ఏరుతుంది. దీని పేరు లుక్‌అలైక్ ఆడియన్స్. ఒక శాతమంటే మన దేశంలో లక్షల మంది. వారెవరూ ట్రస్టుకు నంబరు ఇవ్వలేదు, సమ్మతి తెలపలేదు. యంత్రాన్ని మతమేమిటని ఎవరూ అడగలేదు. అయినా జకాత్ దాతలను పోలినవారిని వెతకమంటే అది ఎవరిని తెస్తుందో ఊహించడం కష్టం కాదు.

ఇదే సాధనం మనకు ఎదురు తిరగగలదు. ఒక కంపెనీలో ఉద్యోగులంతా ఒకే వర్గం వారనుకుందాం. వారి పట్టికనిచ్చి ‘ఇలాంటివారికే ఉద్యోగ ప్రకటన చూపండి’ అంటే చాలు. మన యువకులకు ఆ ప్రకటన కనిపించకపోవచ్చు. కనిపించని ప్రకటనపై ఫిర్యాదు చేసేదెవరు?

ఇది ఊహ మాత్రమే కాదు. ఇళ్లు, ఉద్యోగాలు, రుణాల ప్రకటనల్లో వివక్షపై అమెరికా పౌరహక్కుల సంస్థలు వేసిన వ్యాజ్యాలు 2019లో రాజీకి వచ్చాక, వయసు, లింగం వంటివి చూడని ప్రత్యేక పద్ధతిని ఫేస్‌బుక్ తెచ్చింది. నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దానిని పరీక్షించగా, పాత పక్షపాతం దాదాపు అలాగే ఉందని తేలింది. మిగిలిన ఆనవాళ్లే ఆ పని చేసిపెట్టాయి. చివరకు 2022లో అమెరికా న్యాయశాఖతో కుదిరిన ఒప్పందం మేరకు మెటా ఆ పద్ధతిని విరమించుకుంది.

మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, సమ్మతిని ఒక నిర్దిష్ట ప్రయోజనానికే పరిమితం చేసింది. రసీదు కోసం ఇచ్చిన నంబరు ప్రకటనల కోసం ఇచ్చినట్టు కాదు. అయితే 2019 నాటి బిల్లులో మతవిశ్వాసం సున్నిత సమాచారంగా ఉండగా, ఈ చట్టంలో ఆ విభజనే లేదు. ఆ రక్షణను తిరిగి చేర్చాలని మేము కోరుతున్నాము.

ప్రభుత్వాన్ని అడిగే ముందు మన ఇల్లు చక్కదిద్దుకోవాలి. మన ట్రస్టులు, మదర్సాలు, హజ్ ప్రయాణ సంస్థలు, వివాహ పరిచయ వేదికలు, విడిగా రాతపూర్వక సమ్మతి లేనిదే ఏ పట్టికనూ ప్రకటనల కంపెనీలకు పంపరాదు. పాఠకులు కూడా ఫేస్‌బుక్‌లో అనుమానం కలిగించే ప్రకటన కనిపిస్తే, దాని మూలనున్న మూడు చుక్కలు నొక్కి Why am I seeing this ad? అన్నది తెరిచి చూడాలి. పట్టిక ద్వారా వచ్చిందని అక్కడ ఉంటే, తమ నంబరు ఎలా చేరిందో ఆ సంస్థను నిలదీయాలి. దాత డబ్బుతో పాటు తన పేరునూ మనకు అప్పగించాడు. డబ్బుకు లెక్క చెప్పినట్టే పేరుకూ లెక్క చెప్పాలి.