రొయ్య మీద మంచు మోసం కాదు, మంచుకు రొయ్య ధర కడితేనే మోసం

పోయిన ఆదివారం మన సంఘం భోజనాల్లో రొయ్యల ఇగురు చివరి రెండు వరుసలకు అందలేదు. దాని మీద గ్రూపులో మూడు రోజులుగా ఏం నడుస్తున్నదో అందరూ చూస్తూనే ఉన్నారు. "అరకిలో ప్యాకెట్లు పన్నెండు కొన్నాం. ఆరు కిలోలు ఉండాలి. పొయ్యి మీద పెట్టే ముందు తూకం వేస్తే నాలుగు కిలోల మూడొందల గ్రాములే ఉంది. షాపువాడు మనకు మంచుగడ్డ అమ్మాడు" అని ఒక అన్న రాశారు. కొన్నవాళ్లే చూసుకోలేదని ఇంకొకరు రాశారు. చివరికి మాట తిరిగి తిరిగి వంట చేసిన వదినె మీదకు పోయింది. అది నాకు నచ్చలేదు. అందుకే ఇంత పొడవు రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

నేను షోలాపూర్‌కు తిరిగి రాకముందు తలోజాలో చేపలు, రొయ్యలు ఎగుమతి చేసే ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్లు క్వాలిటీ విభాగంలో పనిచేశాను. ఈ మంచు సంగతి నాకు రోజూ చేతికి తగిలిన సంగతే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. రొయ్య మీద మంచు ఉండటం తప్పు కాదు, ఉండాల్సిందే. ఆ మంచును కూడా రొయ్యగా లెక్కకట్టి డబ్బు తీసుకుంటేనే తప్పు. మనవాళ్లు ఈ రెండూ కలిపేసి కొట్లాడుకుంటున్నారు.

మన ఊరికి ఉజని డ్యాము చేప తాజాగా వస్తుంది. సముద్రం మాత్రం వందల కిలోమీటర్ల దూరం. అక్కడి చేపైనా, ఆంధ్రలో భీమవరం వైపు చెరువుల్లో పెంచిన వనామీ రొయ్యైనా మనదాకా ఎక్కువగా గడ్డకట్టే వస్తుంది. ఫ్యాక్టరీలో రొయ్యను ఒలిచి, కడిగి, బాగా చల్లటి గాలి కొట్టే సొరంగం లాంటి యంత్రంలోంచి పంపిస్తారు. ఒక్కొక్కటీ విడివిడిగా గడ్డకట్టి బయటికి వస్తుంది. వెంటనే దాన్ని ఐసులా చల్లగా ఉన్న నీళ్లలో ఒకసారి ముంచుతారు, లేదా ఆ నీళ్లు చల్లుతారు. రొయ్య అప్పటికే రాయిలా ఉంటుంది కాబట్టి తగిలిన నీరు తగిలినట్టే పలుచటి పొరగా బిగుసుకుంటుంది. దాన్నే గ్లేజు అంటారు, మన మాటలో మంచు పూత.

అది ఎందుకో తెలియాలంటే మీ ఫ్రిజ్‌లో ఐసు ట్రే చూడండి. నెల రోజులు వాడకుండా వదిలేస్తే ముక్కలు చిన్నవైపోతాయి. కరగలేదు, ఎవరూ తీయలేదు, మరి ఎటు పోయింది? ఫ్రీజరు గాలి చాలా పొడిగా ఉంటుంది. ఐసు నీరు కాకుండానే నేరుగా ఆవిరై పోతుంది. రొయ్య కండలో ఉన్న నీరు కూడా ఐసే కదా, అదీ అట్లాగే పోతుంది. పూత లేని రొయ్య మీద తెల్లటి పొడి మచ్చలు పడతాయి. వండితే ఆ చోట నమిలినా నలగని పీచులా ఉంటుంది. బాంగడా లాంటి నూనె చేపకు ఇంకో బాధ కూడా ఉంది. గాలి తగిలితే అందులోని కొవ్వు చెడిపోయి పాత నూనె వాసన వస్తుంది. పూత ఉంటే గాలి ముందుగా ఆ పూతను తింటుంది, కండ దాకా పోదు. ప్లాస్టిక్ సంచి ఉంది కదా అంటారేమో. సంచి లోపల కూడా గాలి ఉంటుంది. ఫ్రీజరు తలుపు తెరిచి మూసిన ప్రతిసారీ కొంత తేమ రొయ్యను వదిలి సంచి గోడకు చేరుతుంది. ప్యాకెట్ లోపల వదులుగా మంచు పొడి రాలుతున్నదంటే ఆ పని చాలాకాలంగా నడుస్తున్నట్టు. రొయ్యలన్నీ ఒకే ముద్దగా అతుక్కుని ఉంటే మధ్యలో ఎక్కడో ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టినట్టు. అట్లాంటి ప్యాకెట్ నేనైతే కొనను.

ఎంత పూత చాలు అంటే, మొత్తం బరువులో వందకు ఆరు నుంచి పది గ్రాములుంటే ఆ కాపలా పని అయిపోతుంది. చిన్న రొయ్యకు బరువు తక్కువ, పై చర్మం ఎక్కువ. అందుకని అది కొంచెం ఎక్కువ నీరు పట్టుకుంటుంది. ఇరవై దాటితే మాత్రం అది కాపలా కాదు, తూకం కోసం వేసిన పూత అని నా ఉద్దేశం.

ఇప్పుడు మన పన్నెండు ప్యాకెట్ల దగ్గరికి వద్దాం. చెత్తబుట్టలోంచి ఒక కవరు తీసి చూశాను. ముందువైపు పెద్ద అంకెల్లో 500 గ్రాములు. వెనకవైపు చిన్న అక్షరాల్లో "గ్రాస్ వెయిట్ 500, గ్లేజు తీసేసిన నెట్ వెయిట్ 400". అంటే పన్నెండు ప్యాకెట్లలో కొన్నరోజే ఉన్నది నాలుగు కిలోల ఎనిమిదొందల గ్రాములు. ఆరు కిలోలు ఎన్నడూ లేవు. ధర ప్యాకెట్‌కు 340 రూపాయలు. ముందువైపు అంకెతో లెక్కేస్తే కిలో 680 పడినట్టు కనిపిస్తుంది. వెనకవైపు అంకెతో అసలు లెక్క కిలో 850. పక్కనే వేరే ప్యాకెట్ కిలో 800కు ఉంటే ఖరీదని వదిలేశామట. నిజానికి అదే చవక అయి ఉండొచ్చు.

వెనక రాసింది నిజమా కాదా అని మరునాడు అదే సరుకు ఒక ప్యాకెట్ తెచ్చి ఇంట్లో చూశాను. మీరూ చేయొచ్చు, వంటింటి డిజిటల్ కాటా చాలు. కవరు తీసేసి గడ్డగా ఉన్న రొయ్యలను తూచాను, 502 గ్రాములు. జల్లెడలో వేసి చల్లటి కుళాయి నీటి కింద మెల్లగా కదుపుతూ ఉంచాను. మొదట గాజులా నున్నగా, జారుగా తగులుతాయి. పూత పోగానే వేలికి గరుగ్గా, అసలు రొయ్య తగులుతుంది. అక్కడే ఆపాలి. లోపల ఇంకా రాయిలా ఉండాలి. జల్లెడను కాస్త వంచి రెండు నిమిషాలు నీరు కారనిచ్చి మళ్లీ తూచాను, 396. ఇంటి కాటాకు, నా చేతికి నాలుగు గ్రాముల తేడా మాఫీ చేయాలి. అంటే వెనక రాసింది నిజమే. ముందువైపు వేసిన పెద్ద అంకె మాత్రం మనల్ని దారి తప్పించింది, ఆ నింద వాళ్లు మోయాల్సిందే. ఆహార పదార్థాలకు అంతర్జాతీయంగా ప్రమాణాలు పెట్టే కోడెక్స్ నెట్ బరువును గ్లేజు తీసేసే చెప్పాలంటుంది, యూరప్ చట్టం కూడా అంతే. తలోజా నుంచి యూరప్ పోయే డబ్బా మీద ఆ పద్ధతి పాటిస్తున్నప్పుడు షోలాపూర్ వచ్చే ప్యాకెట్ ముందువైపు కూడా ఆ అంకే పెద్దగా ఉండాలని నేనంటాను.

పనిలో పనిగా ఇంకో షాపు ప్యాకెట్ కూడా తూచాను. దాని మీద నెట్ 500 అని ఒక్కటే ఉంది. కవరు తీసి తూస్తే మంచుతో కలిపి సరిగ్గా 500. ఇక్కడ పూత కడగక ముందే దొంగతనం దొరికిపోయింది. నెట్ 500 అంటే రొయ్యే 500 ఉండాలి, దాని మీద మంచు అదనంగా ఉండాలి. అంటే గడ్డగా ఉన్నప్పుడు కనీసం 530, 550 తూగాలి. కడిగి చూస్తే 430 వచ్చింది. డెబ్బై గ్రాముల మంచుకు రొయ్య ధర పెట్టాను. ఫోటోలు, బిల్లు పట్టుకుని ఆ షాపుకు పోయి అడిగాను. సరుకు తెచ్చే ఏజెంటుతో మాట్లాడతానన్నాడు. చూద్దాం. థర్మకోల్ పెట్టెల్లోంచి లూజుగా తూచి ఇచ్చేవాళ్ల దగ్గర ఈ పట్టు కూడా దొరకదు, అక్కడ చదవడానికి లేబులే ఉండదు.

మరి నాలుగు కిలోల ఎనిమిదొందలు ఎట్లా నాలుగు కిలోల మూడొందలు అయింది? ఆ అరకిలో గ్లేజు కాదు. అది రొయ్య లోపలి నీరు. గడ్డకట్టినప్పుడు కండలో ఐసు ముళ్లు కణాలను చీలుస్తాయి, కరిగేటప్పుడు ఆ చీలికల్లోంచి రసం కారుతుంది. కొంత ఎట్లాగూ పోతుంది, మనం దాన్ని ఎక్కువ చేశాం. టైము లేదని వేడినీళ్ల బకెట్లో ప్యాకెట్లు విప్పి గుమ్మరించారట. పైకండ వేడెక్కి రసం వదిలేసింది, లోపల ఇంకా గడ్డే. రుచి బకెట్లో పోయింది. వదినె చేతిలో ఏ లోపమూ లేదు, ఆమెకు అందిన రొయ్యే అట్లా ఉంది. ప్యాకెట్ మీద ఐఎన్‌ఎస్ 451 లేదా 452 అని ఉంటే ఫాస్ఫేటు కలిపారని అర్థం. అది కండలో నీరు పట్టి ఉంచుతుంది, మోతాదు దాటితే వండాక రొయ్య సగమైపోతుంది. గ్లేజు పరీక్షలో ఈ నీరు కనబడదు, అందుకే నేను పదార్థాల వరుస కూడా చదువుతాను.

కరిగించడానికి మంచి పద్ధతి ఒక్కటే, రాత్రి. ప్యాకెట్ విప్పి, చల్లటి నీళ్ల కింద పూత కడిగేసి, జల్లెడలో పోసి, కింద గిన్నె పెట్టి, మూతవేసి ఫ్రిజ్ కింది అరలో ఉంచండి. గిన్నె లేకపోతే రొయ్య తన నీళ్లలో తనే నానుతుంది. తెల్లవారికి సిద్ధం. తొందరుంటే నీరు చొరని సంచిలో బిగించి చల్లటి నీళ్ల గిన్నెలో ముంచండి, అరకిలో విడి రొయ్యకు అరగంట చాలు. వంటగట్టు మీద వదిలేయొద్దు, మన ఎండాకాలంలో అసలే వద్దు. ఒకసారి కరిగిన దాన్ని మళ్లీ ఫ్రీజరులో పెట్టొద్దు. గాలి తీసేసి బిగించిన చేప ప్యాకెట్ ఉంటే కరిగించే ముందే కవరు కోయండి. గాలి లేనిచోట, ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరిగే ఒక రకం విషక్రిమి ఉంది, దానికి అవకాశం ఇవ్వకూడదు. తర్వాత గుడ్డతో తడి అద్ది, అప్పుడే ఉప్పు, పసుపు, కారం పట్టించండి. తడి రొయ్య నూనెలో వేగదు, ఉడుకుతుంది. మొన్న ఇగురు పలచగా రావడానికి కారణం అదే.

వచ్చే నెల భోజనాలకు అరవై మంది, మనిషికి వంద గ్రాములు అనుకుంటే ఆరు కిలోలు. నెట్ 400 ప్యాకెట్లయితే పదిహేను కావాలి, కరిగేటప్పుడు పోయేదానికి ఇంకొకటి, మొత్తం పదహారు. శనివారం రాత్రి కరిగించడానికి మా ఇంటి ఫ్రిజ్‌లో నాలుగు జల్లెడలు పడతాయి. ఇంకో రెండిళ్లవాళ్లు ఫ్రిజ్ కింది అర ఖాళీ చేసి ఇస్తామంటే ఇక్కడే కింద రాయండి. కాటా నేను తెస్తాను.