ఆర్‌బీఐ బంగారం కొన్నదా? ధరే పెరిగిందా?

ప్రతి శుక్రవారం సాయంత్రం ఆర్‌బీఐ మన విదేశీ మారక నిల్వల లెక్క విడుదల చేస్తుంది. మర్నాడు పేపర్లో 'పెరిగిన పసిడి నిల్వలు' అని ఓ చిన్న వార్త కనిపిస్తుంది. అది చూసి ఓసారి నేనూ నా బ్లాగులో 'ఆర్‌బీఐ మళ్లీ బంగారం కొంటోంది' అని రాసేశాను. కాసేపటికే ఓ పాఠకుడు అడిగాడు, 'ఎన్ని టన్నులు?' అని. వెనక్కి వెళ్లి చూస్తే ఆ వారపు లెక్కలో టన్నుల ఊసే లేదు. ఉన్నది డాలర్లలో విలువ మాత్రమే!

ఇంట్లో బీరువాలో అమ్మ గాజులు అలాగే ఉంటాయి. మార్కెట్లో ధర పెరిగితే వాటి విలువా పెరుగుతుంది. అంతమాత్రాన అమ్మ కొత్త గాజులు కొన్నట్టు కాదు కదా. దేశాల విషయంలోనూ అంతే.

టన్నుల లెక్క కావాలంటే ఆర్‌బీఐ ఆరు నెలలకోసారి ఇచ్చే విదేశీ మారక నిల్వల నివేదిక తెరవాలి. అందులో మార్చి, సెప్టెంబర్ నెలాఖరుకి ఉన్న బంగారం బరువు ఉంటుంది. 2025 మార్చి చివర మన దగ్గర 879.59 టన్నులు ఉంది. సెప్టెంబర్ చివరికి 880.18 టన్నులు. అంటే ఆరు నెలల్లో పెరిగింది ముప్పాతిక టన్ను కూడా కాదు. కానీ అదే సమయంలో మొత్తం నిల్వల్లో బంగారం వాటా 11.70 శాతం నుంచి 13.92 శాతానికి ఎగబాకింది. మరి ఇదెలా?

లెక్క వేసి చూద్దాం. ఆ ఆరు నెలల్లో లండన్‌లో ఔన్సు బంగారం ధర సుమారు 3,100 డాలర్ల నుంచి 3,800కి చేరింది, అంటే దాదాపు 23 శాతం పెరిగింది. మొత్తం నిల్వలు కూడా సుమారు 668 బిలియన్ డాలర్ల నుంచి 700 బిలియన్లకు, అంటే 5 శాతం దాకా పెరిగాయి. పాత వాటా 11.70ని 1.23తో గుణించి 1.05తో భాగిస్తే 13.7 వస్తుంది. నివేదికలోని 13.92కి ఇది బాగా దగ్గర. వాటా పెరుగుదల దాదాపుగా ధర పుణ్యమే అన్నమాట. ఇంటర్వ్యూలో ఎవరైనా 'ఆర్‌బీఐ డాలర్ వదిలి బంగారం వైపు పోతోందా?' అని అడిగితే, ఈ ఆరు నెలల వాటాను సాక్ష్యంగా చూపిస్తే ఇరుక్కుంటారు.

అలాగని ఆ ఆరు నెలల్లో ఏమీ జరగలేదనుకోవద్దు. నాకైతే నివేదికలో అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది బంగారం ఎక్కడ ఉందో చెప్పే వాక్యం. మార్చి చివర దేశంలో 511.99 టన్నులు ఉంటే, సెప్టెంబర్‌కి 575.82 అయింది. అంటే 63.83 టన్నులు ఎక్కువ. కొన్నది అర టన్ను పైచిలుకే అయితే మిగతాది ఎక్కడిది? బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బీఐఎస్‌ల దగ్గర భద్రపరిచిన బంగారం 348.62 నుంచి 290.37 టన్నులకు తగ్గింది. వడ్డీ కోసం డిపాజిట్‌గా ఇచ్చినది 18.98 నుంచి 13.99కి తగ్గింది. ఈ రెండు తగ్గుదలలకీ కొత్తగా చేరిన 0.59 కలిపితే సరిగ్గా 63.83!

దానికి ముందు ఆరు నెలల కథ పూర్తిగా వేరు. 2024 సెప్టెంబర్ నుంచి 2025 మార్చి మధ్య మొత్తం బరువు 24.86 టన్నులు పెరిగింది. అది నిజమైన కొనుగోలు. కానీ అందులో దాదాపు అంతా విదేశీ ఖాతాలోనే కనిపిస్తుంది. దేశంలో పెరిగింది టన్నున్నరే. అప్పుడు కొన్నాం, తర్వాత ఇంటికి తెచ్చుకున్నాం. రెండూ వేర్వేరు నిర్ణయాలు.

ఎందుకు తెచ్చుకుంటున్నారు? 2022లో రష్యా విదేశీ నిల్వలను పశ్చిమ దేశాలు స్తంభింపజేశాక చాలామంది విశ్లేషకులు దానితో ముడిపెడుతున్నారు. 2024లో అప్పటి గవర్నర్ శక్తికాంత దాస్ మాత్రం, దేశంలో దాచుకునే సామర్థ్యం ఉంది కాబట్టి తెచ్చామని, అంతకుమించి అర్థాలు వెతకొద్దని అన్నారు. అంకె చెప్పేది 'ఎంత' అనే, 'ఎందుకు' అన్నది కాదు.

ఇంకో చిక్కు తేదీలది. చైనా 2009 ఏప్రిల్ నుంచి 2015 జూన్ దాకా ఆరేళ్లపాటు 1,054 టన్నులనే చూపిస్తూ వచ్చింది. 2015 జులైలో ఒక్కసారిగా 1,658 అని ప్రకటించింది. గ్రాఫ్‌లో నిట్టనిలువు మెట్టులా కనిపించే ఆ 604 టన్నులు ఒక్క నెలలో కొన్నవి కావు. అది ప్రకటించిన తేదీ, కొన్న తేదీ కాదు. అందుకే ప్రపంచ స్వర్ణ మండలి కేంద్ర బ్యాంకుల కొనుగోళ్లను లెక్కగట్టేటప్పుడు బయటికి చెప్పని వాటికీ తన అంచనా కలుపుతుంది. దేశాలు ప్రకటించిన అంకెలన్నీ కూడినా ఆ మొత్తం రాకపోతే కంగారు పడకండి.